ఏ తేదీ దేనికి? ఆస్ట్రేలియా విజిటర్ వీసా నోటీసుపై అపోహలు - వాస్తవాలు

ఆస్ట్రేలియాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లే తల్లిదండ్రులకు ఎక్కువగా వచ్చేది సబ్‌క్లాస్ 600 విజిటర్ వీసా. పాస్‌పోర్టులో స్టిక్కర్ ఏమీ వేయరు. ఈమెయిల్లో ఒక గ్రాంట్ నోటీసు వస్తుంది, అంతే. అందులో చాలామంది "వీసా వచ్చింది" అన్న మాట వరకే చదివి, పెద్దగా కనిపించిన తేదీని పట్టుకుని రిటర్న్ టికెట్ తీసేస్తారు. పొరపాట్లు మొదలయ్యేది అక్కడే.

అపోహ: నోటీసులో 2026 మార్చి 12 అని ఉంది కాబట్టి అప్పటిదాకా అక్కడ ఉండొచ్చు.

వాస్తవం: ఆ తేదీ పక్కన ఏం రాసి ఉందో చూడండి. "Must not arrive after" అని ఉంటుంది. అంటే అది లోపలికి అడుగుపెట్టడానికి చివరి రోజు. ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది దాని కింద ఉండే "Length of stay" అనే వరుస. అక్కడ "3 month(s) from the date of each arrival" అని ఉంటే, దిగిన రోజు నుంచి మూడు నెలలే.

ఒక లెక్క చూద్దాం. వీసా ఇచ్చిన తేదీ 2025 మార్చి 12. ప్రవేశానికి గడువు 2026 మార్చి 12. బస మూడు నెలలు, ప్రవేశాలు ఎన్నిసార్లయినా. అమ్మగారు 2025 ఏప్రిల్ 1న దిగితే జులై 1కి బస అయిపోతుంది. నోటీసు మీద 2026 కనిపిస్తోంది కదా అని ఆగస్టు దాకా ఉండిపోతే, అప్పటికే వీసా లేకుండా ఉన్నట్టు. అలా 28 రోజులు దాటాక బయటికి వస్తే, ఆ తర్వాత పెట్టే విజిటర్ వీసా లాంటి దరఖాస్తులకు మూడేళ్ల పాటు అడ్డం పడే నిబంధన ఉంది.

ఇదే లెక్కకు రెండో వైపు కూడా ఉంది. అదే అమ్మగారు 2026 మార్చి 5న దిగారనుకోండి. ప్రవేశ గడువుకు వారమే మిగిలింది కదా అని వారంలో తిరిగి రానక్కర్లేదు, జూన్ 5 వరకు ఉండొచ్చు. ఇది తెలియక మంచి వీసాను వాడుకోకుండానే మళ్లీ ఫీజు కట్టి కొత్తది పెట్టేవాళ్లూ ఉన్నారు.

అయితే ఆఖరి రోజుకు టికెట్ తీయకండి. గడువు ఆస్ట్రేలియా తేదీ ప్రకారం. మార్చిలో మెల్‌బోర్న్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. 11వ తేదీ రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరి సింగపూర్‌లో విమానం మారితే, చేరేది 12వ తేదీకి. మధ్యలో కనెక్షన్ తప్పితే 13 అవుతుంది. అప్పుడు విమానమే ఎక్కించుకోరు. కనీసం వారం ముందు దిగేలా చూసుకోవాలి.

అపోహ: గడువు లోపలే కదా, మధ్యలో బాలి వెళ్లి వచ్చేయొచ్చు.

వాస్తవం: "Travel" అనే వరుస చూడండి. "Multiple entries" అని ఉంటే సరే. "Single entry" అని ఉంటే ఆస్ట్రేలియా దాటిన క్షణంలో ఆ వీసా పని అయిపోయినట్టే. ఇంకా రెండు నెలల బస మిగిలి ఉన్నా తిరిగి రానివ్వరు. పిల్లలు సర్‌ప్రైజ్ ట్రిప్ అంటూ టికెట్లు తీసే ముందు ఈ ఒక్క వరుస చదివితే చాలు.

అపోహ: ప్రతి రాకకు 12 నెలలు ఇచ్చారు, బయటికి వెళ్లి వస్తే మళ్లీ 12 నెలలు మొదలు.

వాస్తవం: షరతుల జాబితాలో 8558 ఉందేమో వెతకండి. ఉంటే, ఏ 18 నెలలు తీసుకున్నా అందులో మొత్తం 12 నెలలకు మించి ఆస్ట్రేలియాలో ఉండకూడదు. తల్లిదండ్రులకు ఇచ్చే దీర్ఘకాలపు వీసాల మీద ఇది తరచుగా కనిపిస్తుంది. అందరూ తప్పు చేసేది కూడా దీని దగ్గరే, ఎందుకంటే పై వరుసలో 12 నెలలు అని స్పష్టంగా రాసి ఉంటుంది, కింద ఇది ఉత్త అంకెలా ఉంటుంది.

నాన్నగారు 2024 ఫిబ్రవరి 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉన్నారు. ఏడు నెలలు. మళ్లీ 2024 డిసెంబర్ 1న దిగారు. "Length of stay" ప్రకారం 2025 నవంబర్ చివరిదాకా ఉండొచ్చు అనిపిస్తుంది. 8558 ప్రకారం చూస్తే, 2024 ఫిబ్రవరి 1న మొదలయ్యే 18 నెలలు 2025 జులై 31తో ముగుస్తాయి. అందులో ఏడు నెలలు వాడేశారు, మిగిలింది ఐదే. డిసెంబర్ నుంచి లెక్కపెడితే 2025 ఏప్రిల్ 30కి అవి పూర్తి. ఆ తేదీ లోపు బయల్దేరాలి. మూడు నెలలు ఇండియాలో గడిపి ఆగస్టులో తిరిగి వెళ్తే, పాత ఫిబ్రవరి రోజులు ఒక్కొక్కటే లెక్కలోంచి జారిపోతూ కొత్త రోజులకు చోటిస్తాయి.

ఆన్‌లైన్‌లో చూపించే వీసా ముగింపు తేదీ ఈ కూడిక చేసి పెడుతుందని అనుకోవద్దు. పాస్‌పోర్టు ముద్రలూ బోర్డింగ్ పాసులూ చూసి ఒక కాగితం మీద రాక, పోక తేదీలు రాసుకోండి. దిగిన రోజూ బయల్దేరిన రోజూ రెండూ కలిపే లెక్కించి, ఒక వారం వెసులుబాటు ఉంచుకుంటే నిశ్చింత.

అపోహ: 8503 ఉంటే మళ్లీ ఎప్పుడూ వీసా రాదు.

వాస్తవం: ఈ అంకె చూడగానే భయపడిపోతారు. దీని పేరు "No further stay". అర్థం ఇంతే: ఆస్ట్రేలియాలో ఉండగా, శరణార్థి రక్షణ వీసా తప్ప బస పొడిగించే ఇతర వీసాలు మామూలుగా పొందలేరు. ఇండియాకు వచ్చాక కొత్తగా దరఖాస్తు పెట్టుకోవడానికి ఇది అడ్డు కాదు. నష్టం ఎవరికంటే, "వెళ్లాక అక్కడే పొడిగించుకుందాం" అని మూడు నెలల వీసాతో బయల్దేరే వాళ్లకు. షరతు తొలగించమని అడిగే దారి ఉంది కానీ ఇరుకైనది. వీసా ఇచ్చిన తర్వాతే తలెత్తిన, మన చేతిలో లేని, బలమైన మానవీయ కారణం చూపాలి. కోడలి కాన్పు తేదీ దరఖాస్తు నాటికే తెలుసు కాబట్టి అది కొత్తగా తలెత్తిన కారణం కాదు. కాన్పుకే వెళ్తుంటే ఎక్కువ నెలలు కావాలని దరఖాస్తులోనే కారణంతో సహా అడగాలి.

అపోహ: 8101 అంటే జీతం తీసుకోకూడదు. ఉచితంగా చేస్తే పర్వాలేదు.

వాస్తవం: అక్కడి నిబంధనల్లో పని అంటే మామూలుగా డబ్బులిచ్చి చేయించుకునే ఏ పనైనా. మీకు ఇచ్చారా లేదా అన్నది కాదు ప్రశ్న. కొడుకు కొట్టులో రోజూ కౌంటర్ దగ్గర కూర్చుంటే, పైసా తీసుకోకపోయినా చిక్కే. చూడ్డానికి వెళ్లిన ఇంట్లో మనవణ్ని ఆడించడం వేరు, డబ్బు తీసుకుని పక్కింటి పిల్లల్ని చూడటం వేరు.

8201 మూడు నెలలకు మించి చదువు వద్దంటుంది. పెద్దవాళ్లకు దానితో పెద్దగా పని పడదు. 8501 ఉంటే మాత్రం ఆరోగ్య బీమా బస పూర్తయ్యే దాకా నడుస్తూ ఉండాలి, దిగాక రద్దు చేసుకోకూడదు.

అపోహ: భార్యాభర్తలకు ఒకేసారి వచ్చింది, ఒకరిది చదివితే చాలు.

వాస్తవం: ఒకరికి 8503 ఉండి మరొకరికి లేకపోవచ్చు. బస కూడా తేడా ఉండొచ్చు. ఇద్దరి నోటీసులూ విడివిడిగా తెరిచి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు ఒక్కో అక్షరం పోల్చండి. వీసా ఆ నంబరుకే ముడిపడి ఉంటుంది. అంకె తప్పినా, తర్వాత పాస్‌పోర్టు మారినా, వీసా దరఖాస్తు పెట్టే ఆన్‌లైన్ ఖాతా అయిన ఇమ్మీఅకౌంట్‌లో సరిచేయించాలి. లేదంటే చెకిన్ కౌంటర్లో వీసా కనపడదు.

ఆ తర్వాత వీవో అనే ప్రభుత్వ ఉచిత ఆన్‌లైన్ సేవలో నోటీసులోని వీసా గ్రాంట్ నంబరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు వివరాలు ఇచ్చి చూడండి. బయల్దేరే ముందు ఒకసారి, దిగిన రెండు మూడు రోజులకు ఇంకోసారి. రెండోసారి అక్కడ కనిపించే ముగింపు తేదీని రిటర్న్ టికెట్‌తో పోల్చండి. మూడు నెలలంటే 90 రోజులని వేళ్ల మీద లెక్కపెట్టే బదులు ఆ తేదీనే పట్టుకోండి. 8558 ఉన్నవాళ్లు మాత్రం తమ కాగితం లెక్క కూడా పక్కన పెట్టుకుని, రెండింటిలో ఏది ముందొస్తే దాన్నే గడువుగా తీసుకోవాలి.