సిగ్నల్ పోతే ప్రతిసారీ టవర్ తప్పేనా? సిమ్ స్వాప్‌పై అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఫోన్‌కు సిగ్నల్ పోవడం వింతేమీ కాదు. కరెంటు పోతే టవర్ పడుకుంటుంది, ఘాట్ రోడ్డు ఎక్కితే గీతలు మాయమవుతాయి. ఆంధ్రాలో తీసుకున్న సిమ్ అయితే రోజంతా రోమింగులోకి పోయి వస్తూ ఉంటుంది. ‘మళ్ళీ వస్తుందిలే’ అని ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. మీ నంబరును తన చేతిలోని సిమ్‌కు మార్చేసుకోవడమే సిమ్ స్వాప్. అది చేసేవాడికి కావలసింది ఆ ఊరుకున్న గంటలే.

అపోహ: ఓటీపీ ఎవరికీ చెప్పను, నాకేం కాదు.

ఓటీపీ వచ్చేది మీ ఫోన్‌కు కాదు, మీ నంబరుకు. ఆ నంబరు ఏ సిమ్‌లో పనిచేయాలో టెలికాం కంపెనీ రికార్డు చెబుతుంది. నకిలీ గుర్తింపు కాగితాలతో ‘ఫోన్ పోయింది’ అని డూప్లికేట్ సిమ్ తీసుకుంటారు. లేదా కస్టమర్ కేర్ నుంచి అంటూ ఫోన్ చేసి, చిప్ లేకుండా ఫోన్‌లోనే పనిచేసే ఈ-సిమ్‌కు మార్పు కోసం మీచేతే ఒప్పుకోలు పంపిస్తారు. కొత్త సిమ్ మొదలైన క్షణం మీ ఫోన్‌లోది ఆగిపోతుంది. అయితే నంబరు ఒక్కటే ఖాతా తెరవదు. కార్డు వివరాలు, నెట్ బ్యాంకింగ్ యూజర్ ఐడీ వంటివి నకిలీ లింకులతో ముందే రాబట్టుకుని ఉంటారు. సిమ్ మార్పు చివరి మెట్టు.

అపోహ: సిమ్ మారాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి కదా, అందాకా భయం లేదు.

టెలికాం శాఖ 2022లో పెట్టిన ఈ నిబంధన నిజంగా మేలు చేసింది. కానీ ఆగేవి ఎస్సెమ్మెస్‌లే, కాల్స్ ఆగవు. కోడ్‌ను కాల్ చేసి చదివి వినిపించే సేవలకు ఈ గడువు అడ్డు కాదు. వాట్సాప్ అందులో ఒకటి.

ఒక కిరాణా వ్యాపారికి శనివారం సాయంత్రం 6కి సిగ్నల్ పోయిందనుకుందాం. రాత్రికల్లా కాల్ కోడ్‌తో అతని వాట్సాప్ ఇంకొకరి చేతికి పోతుంది. సరుకు బాకీ పంపమని అతని పేరుతోనే తెలిసినవాళ్ళకు మెసేజ్‌లు వెళ్తాయి. ఆదివారమంతా అతను టవర్‌ను తిట్టుకుంటాడు. ఆ సాయంత్రం 6 దాటాక ఎస్సెమ్మెస్‌లు తెరుచుకుంటాయి, బ్యాంకు ఓటీపీలు కొత్త సిమ్‌కు వెళ్తాయి. సోమవారం ఉదయం అతను సిమ్ దుకాణం మెట్లెక్కేసరికి నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మారిపోయి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నమే గుర్తించి బ్యాంకు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఉంటే, ఎస్సెమ్మెస్ ఓటీపీతో డబ్బు కదిలే దారి తెరుచుకోకముందే ఖాతా ఆగేది.

అపోహ: టవర్ పోయిందో, సిమ్ పోయిందో మనకెలా తెలుస్తుంది?

తెలుసుకోవచ్చు. ఫోన్‌ను ఒకసారి ఆపి మళ్ళీ వేయండి. పక్కనే అదే కంపెనీ సిమ్ ఉన్నవారి ఫోన్‌లో గీతలు చూడండి. వారికి వస్తూ మీకు రాకపోతే, మీ సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసి చూడండి. అక్కడా రాకపోతే అనుమానించాల్సిందే. ఆ తర్వాత ఇంకొకరి ఫోన్ నుంచి మీ నంబరుకే కాల్ చేయండి. మీ ఫోన్ మూగగా ఉండి అవతల రింగ్ వినిపిస్తే నంబరు వేరే చోట పనిచేస్తోందన్నమాట. ‘స్విచ్ ఆఫ్’ అని వస్తే మాత్రం నిశ్చింత పడకండి, వాళ్ళు ఫోన్ ఆపి ఉండవచ్చు.

అనుమానం గట్టిపడితే ముందు బ్యాంకు. యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు మూడూ ఆపమని చెప్పండి. తర్వాత టెలికాం కంపెనీకి ఫోన్ చేసి ‘నా నంబరుపై సిమ్ మార్పు జరిగిందా’ అని సూటిగా అడిగి, ఆ సిమ్‌ను ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930.

అపోహ: సిమ్‌కు పిన్ పెట్టాను, స్వాప్ జరగదు.

ఆ పిన్ మీ చేతిలోని చిప్‌కు తాళం. స్వాప్‌లో వాళ్ళకు అందేది వేరే చిప్. ఫోన్ దొంగతనం జరిగితే మాత్రం ఇది బాగా పనికొస్తుంది కాబట్టి తీసేయకండి. మూడుసార్లు పిన్ తప్పితే పీయూకే అనే తాళం తీసే కోడ్ అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా పోతుంది.

స్వాప్ జరిగినా నష్టం తగ్గించేవి వేరే ఉన్నాయి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే, కోడ్ దొరికినవాడిని ఆ ఆరంకెల పిన్ ఆపుతుంది. జీమెయిల్‌కు, ఎస్సెమ్మెస్ అక్కర్లేకుండా ఫోన్‌లోనే కోడ్ చూపే ఆథెంటికేటర్ యాప్ పెట్టి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో దాచాకే, టూ-స్టెప్‌లోంచీ రికవరీ దగ్గరా ఫోన్ నంబరు తీసేయండి. ఈ వరుస తప్పితే మీ ఖాతాకు మీరే బయటివారవుతారు. బ్యాంకులో ఈమెయిల్ అలర్టు కూడా అడిగి పెట్టించుకోండి. సిమ్ చచ్చినా వైఫై మీద ఆ కబురు అందుతుంది.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది దుకాణం బోర్డు గురించి. బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద ఉన్న నంబరే బ్యాంకుకూ ఇచ్చి ఉంటే, ఎవరి నంబరు లాగాలో దారిన పోయేవాడికీ తెలిసిపోతుంది. బ్యాంకుకు వేరే నంబరు ఇచ్చి, దాన్ని వ్యాపారానికి వాడకండి. అలాగని ఆ సిమ్‌ను రీఛార్జ్ చేయకుండా పెట్టెలో పడేస్తే కంపెనీ కొంతకాలానికి ఆ నంబరును ఇంకొకరికి కేటాయిస్తుంది. అప్పుడు స్వాప్ లేకుండానే మీ ఓటీపీలు వారికి వెళ్తాయి.