ఏడాది వాన తెలిస్తే నైరుతి వాటా తెలుస్తుందా?

నెల్లూరు జిల్లాకు వాన రెండు దఫాలుగా వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. తెలంగాణలో నైరుతి వానలతోనే చెరువులు నిండుతాయి. నెల్లూరులో అలా కాదు. బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల వెంట ఈశాన్యంలో కురిసేదే ఇక్కడ ఎక్కువ. 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరద ఈ కాలపు వానల పుణ్యమే.

జూన్ నుంచి డిసెంబరు దాకా కురిసిన మొత్తం వాన ఎంతో ఒక్క అంకెలో మీకు చెప్పారనుకోండి. ఒక ఏడు 700 మిల్లీమీటర్లు, ఇంకో ఏడు 1400. ఆ అంకెను బట్టి అందులో నైరుతి వాటా ఎంత శాతమో ఏమైనా ఊహించగలమా? కొంతైనా తెలియాలి కదా అనిపిస్తుంది. కానీ ఒక షరతు కింద, మొత్తం ఎంతో తెలిసినా వాటా గురించి పిసరంత కూడా తెలియదు. ఆ షరతు గామా విభాజనంలో ఉంది.

వానను విడతలుగా చూద్దాం. ఒక్కో విడతలో కురిసే వాన ఎక్స్‌పొనెన్షియల్ విభాజనాన్ని పాటిస్తుందనుకుందాం. అంటే చిన్న విడతలు ఎక్కువ, పెద్దవి అరుదు. ఒక్కో విడత సగటు θ మిల్లీమీటర్లు, ఏ విడతకు మరో విడతతో సంబంధం లేదు. ఇలాంటివి k విడతలు కలిపితే వచ్చే మొత్తం గామా విభాజనంలో ఉంటుంది. k దాని ఆకృతి, θ దాని స్కేలు. సగటు kθ, విస్తృతి kθ². కాబట్టి విస్తృతిని సగటుతో భాగిస్తే స్కేలు నేరుగా చేతికొస్తుంది. ఆకృతి పూర్ణసంఖ్యే కానక్కర్లేదు. వాతావరణ శాస్త్రంలో నెలల, రుతువుల వర్షపాతానికి గామాను వాడడం మామూలే.

ఇప్పుడు నైరుతిలో 3 విడతలు, ఈశాన్యంలో 6 విడతలు, అన్నిటికీ ఒకే స్కేలు 110 మిల్లీమీటర్లు అనుకోండి. ఇవి లెక్క నడవడానికి ఎంచుకున్న అంకెలు, రికార్డులోవి కావు. నైరుతి సగటు 330, ఈశాన్యం సగటు 660. ఈ తొమ్మిది విడతలను ఒక గీత మీద వరసగా పేర్చితే గీత పొడవు మొత్తం వాన అవుతుంది, లోపల ఎనిమిది హద్దులు ఏర్పడతాయి. ఎక్స్‌పొనెన్షియల్‌కు ఒక ప్రత్యేక గుణం ఉంది. గీత మొత్తం పొడవు ఇంత అని ఖాయం చేశాక, ఆ ఎనిమిది హద్దులు ఎక్కడైనా సమానంగా పడే అవకాశంతో చల్లిన ఎనిమిది చుక్కల్లాగే ఉంటాయి. గీత 700 అయినా, 1400 అయినా ఇదే. నైరుతి వాటా అంటే ఎడమ నుంచి మూడో చుక్క ఉన్న చోటు. ఆ చోటు పాటించేదే బీటా విభాజనం, ఇక్కడ బీటా(3, 6). సగటు 3/9, అంటే మూడో వంతు. ప్రామాణిక విచలనం దాదాపు 0.15. θ ఎంతో ఈ లెక్కలో ఎక్కడా కనబడదు.

పూర్ణసంఖ్యలు కాని ఆకృతులకూ ఇదే నిజమని ఫార్ములా చెబుతుంది. ఆకృతులు a, b, స్కేలు ఒకటే θ. నైరుతి వాన x, ఈశాన్యం వాన y స్వతంత్రాలు కాబట్టి, స్థిర గుణకాలను పక్కన పెడితే వాటి ఉమ్మడి సాంద్రత:

x^(a−1) · y^(b−1) · e^(−(x+y)/θ)

మొత్తాన్ని s అని, వాటాను u అని అంటే x = su, y = s(1−u). చలరాశులు మార్చినప్పుడు అదనంగా ఒక s వచ్చి చేరుతుంది. అప్పుడు:

[u^(a−1) · (1−u)^(b−1)] × [s^(a+b−1) · e^(−s/θ)]

మొదటి కుండలీకరణంలో u మాత్రమే ఉంది, అది బీటా. రెండోదాంట్లో s మాత్రమే ఉంది, అది గామా. ఇలా రెండు ముక్కలుగా విడిపోవడమే స్వతంత్రత. విడిపోవడానికి కారణం ఘాతంలో x+y జంటగా ఉండడం. రెండు స్కేళ్లూ ఒకటి కాకపోతే ఘాతం s(u/θ₁ + (1−u)/θ₂) అవుతుంది. అప్పుడు s, u ఒకదానికొకటి చిక్కుకుంటాయి, ఏం చేసినా విడిపోవు.

నెల్లూరు సంగతి ఇక్కడే ఆసక్తిగా మారుతుంది. నైరుతిలో ఇక్కడ వాన చిన్న చిన్న జల్లులుగా, ఉరుముల వానలుగా పడుతుంది. ఈశాన్యంలో ఒక్క వాయుగుండం రెండు మూడు రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. విడత పరిమాణమే వేరైనప్పుడు స్కేలు ఒకటే అనడం కష్టం. నైరుతికి ఆకృతి 11, స్కేలు 30, ఈశాన్యానికి ఆకృతి 8, స్కేలు 80 అని పెట్టి చూద్దాం. సగటులు 330, 640. మొత్తం s అని తెలిశాక వాటా సాంద్రత ఇలా ఉంటుంది:

u^10 · (1−u)^7 · e^(−s·u·(1/30 − 1/80))

దీని శిఖరం ఎక్కడుందో వెతికితే, 700 మిల్లీమీటర్ల ఏడాదిలో నైరుతి వాటా 38.5 శాతం దగ్గర వస్తుంది. 1400 మిల్లీమీటర్ల ఏడాదిలో 26 శాతం దగ్గర. అంటే ఇప్పుడు మొత్తం మాట్లాడుతోంది. వాన బాగా ఎక్కువ పడిందంటే, పెద్ద విడతలు తెచ్చే ఈశాన్యం వల్లే పడి ఉంటుందని అది చెబుతోంది.

ఈ స్వతంత్రత గామాకు తప్ప వేరేవాటికి దొరకదన్నది నాకు ఈ విషయంలో అన్నిటికన్నా అందంగా తోచే భాగం. 1955లో యూజీన్ లుకాచ్ దీన్ని నిరూపించాడు. రెండు స్వతంత్ర ధన చలరాశులు ఉండి, రెండూ స్థిర సంఖ్యలు కాకుండా, వాటి వాటా మొత్తంతో స్వతంత్రంగా ఉంటే, అవి ఒకే స్కేలున్న గామాలై తీరాలి. వేరే విభాజనం తీసుకుంటే ఎక్కడ చెడుతుందో తేలిగ్గానే చూడొచ్చు. రెండు సంఖ్యలూ 0 నుంచి 1 దాకా సమానావకాశంతో వస్తాయనుకోండి. మొత్తం 1.8 వస్తే ఒక్కోటి కనీసం 0.8 ఉండాలి, కాబట్టి వాటా 0.44, 0.56 మధ్యనే ఇరుక్కుంటుంది. మొత్తం 0.5 అయితే వాటా 0 నుంచి 1 దాకా ఎక్కడైనా ఉండొచ్చు.

ఈ ఉదాహరణలో ఒక ఉచ్చు ఉంది. మొత్తం ఎంతైనా వాటా సగటు సగమే కాబట్టి వాటాకూ మొత్తానికీ సహసంబంధ గుణకం సరిగ్గా సున్నా వస్తుంది. అంతమాత్రాన అవి స్వతంత్రాలు కావు. అందుకే గుణకం ఒక్కటీ చూసి తీర్పు చెప్పకూడదు. ఏళ్లను మొత్తం వానను బట్టి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు గుంపులు చేసి, ఒక్కో గుంపులో వాటాల సగటునూ చెదురునూ పక్కపక్కన పెట్టి చూడాలి. సగటు జరిగితే స్కేళ్లు వేరని అనుమానించాలి. సగటు నిలకడగా ఉండి చెదురు మారితే గామాయే కాదేమోనని అనుమానించాలి.

అంతకన్నా ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. లెక్క అంతా రెండు కాలాల వానలూ స్వతంత్రమన్న ఊహ మీద నిలబడింది. ఎల్‌నినో ఏళ్లలో దేశంలో నైరుతి బలహీనపడే ధోరణి ఉంటే, దక్షిణ కోస్తాలో ఈశాన్యం బలపడే ధోరణి ఉంది. ఒకటి తగ్గితే రెండోది పెరిగేటట్లయితే, స్కేళ్లు సమానమైనా వాటా, మొత్తం స్వతంత్రంగా ఉంటాయన్న హామీ లేదు. కాబట్టి నైరుతి వానను అడ్డంగా, ఈశాన్యం వానను నిలువుగా పెట్టి ఏడాదికొక చుక్క చొప్పున ముందు గీయాలి. ఆ చుక్కల్లో వాలు ఏదీ కనబడకపోతేనే రెండో బొమ్మకు, అంటే మొత్తానికి ఎదురుగా వాటాను పెట్టి గీసే బొమ్మకు వెళ్లాలి. అప్పుడు, రెండు వానలూ గామాలే అనుకుంటే, అందులో కనబడే వాలును స్కేళ్ల తేడాకు ఆపాదించొచ్చు.