వివరాలేవీ లేకుండా ‘ఎస్‌ఓపీ రాసిపెట్టండి’: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో స్కాలర్‌షిప్ దరఖాస్తులు, వాటితో పెట్టే ఎస్‌ఓపీలు, అంటే ఏ చదువు ఎందుకు కావాలో చెప్పే ఉత్తరాలు, దిద్దుతుంటాను. మొన్న ఉద్దానం కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "మేస్టారూ, జర్మనీ స్కాలర్‌షిప్‌కి ఎస్‌ఓపీ ఒకటి రాసిపెట్టండి. ఎల్లుండే ఆఖరు." ఏం చదివాడో, ఏ కోర్సుకి వెళ్తాడో, తర్వాత ఏం చేస్తాడో ఒక్క మాట లేదు.

అపోహ: ఊరు తెలిస్తే చాలు, మిగతాది రాసేవాళ్లు అల్లేయొచ్చు.

వాస్తవం: ఉద్దానం అనగానే నా చెయ్యి కిడ్నీ జబ్బుల మీదకే పోతుంది. "కలుషిత నీరు మా ఊళ్లని చంపుతోంది, అందుకే ఈ చదువు" అని రాసేద్దును. కానీ ఆ జబ్బుకి కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. ఇంటర్వ్యూలో దాని మీద ఒక్క ప్రశ్న వేస్తే కుర్రాడు ఏం చెబుతాడు?

అందుకే వాడినే అడిగాను: రోజూ ఏం పని చేస్తావు, అందులో నీకు చేతకానిది ఏది? చదివింది సివిల్ ఇంజనీరింగ్, చేసేది విజయనగరం వైపు ఒక మంచినీటి పథకంలో సైట్ పని. "పైపులు వేశాం మేస్టారూ. ట్యాంకు దగ్గరి ఊళ్లకి బాగానే వస్తోంది, చివరి ఊరికి ప్రెషర్ అందట్లేదు. ఎందుకో లెక్కగట్టడం మాకెవరికీ రాదు."

ఎస్‌ఓపీకి కావలసిన మొదటి పేరా అదే. కోర్సు కూడా అందులోంచే తేలింది. నీటి నాణ్యత కోర్సు కాదు, పంపిణీ గొట్టాల లెక్కలు నేర్పే నీటి ఇంజనీరింగ్ కోర్సు కావాలి. నేను ఊహించి రాసుంటే కోర్సు ఒక దారి, ఉత్తరం ఒక దారి అయ్యేవి.

అపోహ: లక్ష్యం ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: "దేశాభివృద్ధికి తోడ్పడతాను" అన్న వాక్యం ఎవరి కాగితంలోనైనా ఇమిడిపోతుంది, అందుకే దానికి విలువ లేదు. తిరిగొచ్చి చివరి ఊళ్లకి నీరందేలా పథకాల డిజైన్ చేస్తానంటే, అది ఇతనే రాయగల మాట.

అపోహ: ఎస్‌ఓపీ బాగుంటే అర్హత సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: అతను అనుకుంటున్నది జర్మనీకి చెందిన డాడ్ సంస్థ ఇచ్చే ఎపోస్ స్కాలర్‌షిప్. దానికి డిగ్రీ తర్వాత కనీసం 2 ఏళ్ల ఉద్యోగానుభవం ఉండాలి, ఉత్తరంలో ఇప్పటి ఉద్యోగం ప్రస్తావన కూడా ఉండాలి. ఎప్పుడు చేరావని అడిగితే కుర్రాడు వేళ్ల మీద లెక్కేసి చెప్పాడు: 19 నెలలు.

ఆ రాత్రి కూర్చుని ఎంత చక్కగా రాసినా దరఖాస్తు మొదటి వడపోతలోనే పోయేది. ఈ ఏడాదికి ఆపమన్నాను. ఇప్పుడు వారానికోసారి చివరి ఊరి కుళాయి దగ్గర బిందె నిండటానికి ఎన్ని నిమిషాలు పడుతోందో నోటుబుక్కులో రాసి, ఆ పేజీ ఫొటో నాకు పంపుతున్నాడు.