ఏయూసీ 0.97 వచ్చినా ఫోన్లన్నీ వృథా ఎందుకు?

ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని ఇలా రాసింది: "సార్, క్రెడిట్ కార్డు మోసాలు పట్టే ప్రాజెక్టు చేశాను. ఏయూసీ 0.97 వచ్చింది. మా గైడ్ గారు మాత్రం, అలారం మోగిన ప్రతిసారీ బ్యాంకు వాళ్లు కస్టమర్‌కి ఫోన్ చేస్తే అందులో ఎన్ని ఫోన్లు వృథా అని అడిగారు. ఏయూసీ చూసి ఆ లెక్క చెప్పలేమా?"

చెప్పలేం. ఏయూసీ అంటే ఆర్ఓసీ అనే గీత కింద ఉన్న స్థలం. దాన్ని చూసి ఎందుకు చెప్పలేమో తెలియాలంటే ఆ గీతను ఒక్కసారైనా చేత్తో గీసి చూడాలి. "0.9 దాటితే అద్భుతం, 0.8 దాటితే బాగుంది" అనే పట్టికను బట్టీ పట్టించే క్లాసుల్లో ఈ పని చేయించరు. చేయిస్తే పది నిమిషాలు పడుతుంది, అంతే.

ఎనిమిది లావాదేవీలు తీసుకుందాం. వాటిలో మూడు మోసాలు, అయిదు అసలైనవి. మోడల్ ఒక్కోదానికి ఒక అనుమానపు స్కోరు ఇచ్చింది. మోసాలకు వచ్చినవి 0.9, 0.7, 0.4. అసలైనవాటికి వచ్చినవి 0.8, 0.5, 0.3, 0.2, 0.1. అన్నిటినీ పెద్ద స్కోరు నుంచి చిన్న స్కోరుకి వరసగా పేర్చండి. ఇప్పుడు కాగితం మీద ఎడమవైపు కింది మూల నుంచి బయలుదేరి, వరసలో మోసం తగిలితే ఒక మెట్టు పైకి, అసలైనది తగిలితే ఒక అడుగు కుడికి గీయండి. మోసాలు మూడు కాబట్టి పైమెట్టు ఎత్తు 1/3. అసలైనవి అయిదు కాబట్టి అడుగు వెడల్పు 1/5. పైకి, కుడికి, పైకి, కుడికి, పైకి, ఆ తర్వాత వరసగా మూడుసార్లు కుడికి. ఆర్ఓసీ గీత అంటే ఈ మెట్లే. నిలువు అక్షం మోసాల్లో ఎంత శాతం పట్టామో చెబుతుంది. అడ్డం అక్షం అసలైనవాటిలో ఎంత శాతాన్ని అనవసరంగా అనుమానించామో చెబుతుంది.

ఈ మెట్ల కింద ఉన్న స్థలమే ఏయూసీ. మొదటి అడుగు కింద ఎత్తు 1/3, రెండో అడుగు కింద 2/3, మిగిలిన మూడింటి కింద 1. కూడితే 4, అయిదుతో భాగిస్తే 0.8.

ఇదే సంఖ్యను ఇంకో దారిలో రాబట్టవచ్చు. ఒక మోసాన్నీ ఒక అసలైనదాన్నీ జత కట్టండి. 3 × 5, మొత్తం 15 జతలు. ఎన్ని జతల్లో మోసం స్కోరు ఎక్కువ? 0.9 అయిదింటినీ ఓడిస్తుంది, 0.7 నాలుగింటిని, 0.4 మూడింటిని. మొత్తం 12. 12/15 అంటే మళ్లీ 0.8! ఇది కాకతాళీయం కాదు. మెట్ల కింద ఉన్న ప్రతి చిన్న గడీ సరిగ్గా కుదిరిన ఒక జత. హాన్లీ, మెక్‌నీల్ 1982లో రేడియాలజీ వైద్యులకు ఏయూసీని ఈ అర్థంతోనే వివరించారు: యాదృచ్ఛికంగా తీసిన ఒక రోగికి, యాదృచ్ఛికంగా తీసిన ఒక ఆరోగ్యవంతుడి కన్నా ఎక్కువ స్కోరు వచ్చే అవకాశం ఎంత అన్నదే ఏయూసీ. గుడ్డిగా స్కోర్లు వేస్తే 0.5 వస్తుంది.

వచ్చిన ప్రతివాడికీ "నీకు ఈ ఏడాది గండం ఉంది" అని చెప్పే జ్యోతిష్కుడు ఈ పటంలో ఎక్కడుంటాడు? కుడివైపు పై మూలలో. గండం వచ్చినవాళ్లలో ఒక్కరినీ వదల్లేదు, రానివాళ్లలోనూ ఒక్కరినీ వదల్లేదు. జనం మొదటి సగమే గుర్తుపెట్టుకుంటారు, అందుకే ఆయన వ్యాపారం నడుస్తుంది.

ఇప్పుడు అసలు తిరకాసు. అసలైన లావాదేవీలు ఒక్కొక్కటీ అదే స్కోరుతో పదేసి చొప్పున ఉన్నాయనుకోండి. మోసాలు మూడే, అసలైనవి 50. కుడికి వేసే అడుగులు పదింతలయ్యాయి, కానీ ఒక్కో అడుగు వెడల్పు పదో వంతుకి తగ్గింది. గీత ఇసుమంత కూడా కదలదు. ఏయూసీ అదే 0.8.

బ్యాంకు పరిస్థితి మాత్రం మారిపోయింది. మూడు మోసాలూ పట్టాలంటే మొదట ఎనిమిదింటిలో అయిదు ఫోన్లు చేస్తే సరిపోయేది. ఇప్పుడు 23 చేయాలి, అందులో ఇరవై వృథా. చేసిన ఫోన్లలో నిజంగా మోసాలు ఎన్ని అన్నదే ప్రెసిషన్. ఉన్న మోసాల్లో ఎన్ని పట్టామన్నది రీకాల్. ఈ రెండిటినీ అక్షాలుగా పెట్టి గీసేదే ప్రెసిషన్-రీకాల్ గీత. ఒక్కో మోసం దొరికిన చోట ప్రెసిషన్ ఎంతుందో చూసి సగటు తీస్తే, మొదటి జాబితాకి 1, 2/3, 3/5ల సగటు 0.756. రెండోదానికి 1, 2/12, 3/23ల సగటు 0.432. అనుమానం ఉంటే నడిపి చూడండి:

```python
from sklearn.metrics import roc_auc_score, average_precision_score
for k in (1, 10):
    y = [1]*3 + [0]*5*k
    s = [.9, .7, .4] + [.8, .5, .3, .2, .1]*k
    print(roc_auc_score(y, s), average_precision_score(y, s))
```

ఒక్క జాగ్రత్త: ప్రెసిషన్-రీకాల్ బిందువులను స్కేలు పెట్టి సరళరేఖలతో కలిపి కింది వైశాల్యం కొలవకూడదు. రెండు బిందువుల మధ్య ప్రెసిషన్ సరళంగా మారదు కాబట్టి ఆ వైశాల్యం ఉన్నదానికన్నా ఎక్కువ చూపే ప్రమాదం ఉంది. డేవిస్, గోడ్రిచ్ 2006లో ఇది వివరంగా చూపించారు.

ఆ అమ్మాయి వాడింది యూరప్ కార్డుదారుల డేటా. 2013 సెప్టెంబరులో రెండు రోజుల లావాదేవీలు, మొత్తం 2,84,807. అందులో మోసాలు 492. "అన్నీ అసలైనవే" అనే మోడల్ కూడా ఇక్కడ 99.83 శాతం కరెక్టే!

ఈ డేటా మీద ఒక మోడల్ 80 శాతం మోసాలు, అంటే 394, పట్టిందనుకుందాం. తప్పుడు అనుమానాలు 1 శాతమే. వినడానికి ఎంత తక్కువో! కానీ 2,84,315లో 1 శాతమంటే 2,843. మొత్తం 3,237 ఫోన్లలో పనికొచ్చేవి 394, అంటే ప్రెసిషన్ 12 శాతం. తప్పుడు అనుమానాలు 0.1 శాతానికి తగ్గితే వృథా ఫోన్లు 284, ప్రెసిషన్ 58 శాతం. బ్యాంకుకి ఈ రెంటి మధ్య హస్తిమశకాంతరం. పది సెంటీమీటర్ల వెడల్పున్న ఆర్ఓసీ పటంలో ఆ తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. మిగతా తొమ్మిదిన్నర సెంటీమీటర్లకు పైగా ఏ బ్యాంకూ అడుగుపెట్టని ప్రాంతం. 0.97లో ఎక్కువ భాగం అక్కడ పోగైన స్థలమే.

అందుకే మోసాల్లాంటి అరుదైన వాటిని వెతికి, దొరికిన ప్రతిదాన్నీ ఒక మనిషి పరిశీలించాల్సి వచ్చే పనికి ప్రెసిషన్-రీకాల్ గీతే నయం. దాని అంకెను చదివేటప్పుడు మాత్రం 0.5తో పోల్చకండి. గుడ్డి మోడల్‌కి అక్కడ వచ్చేది డేటాలో మోసాల వాటా, ఇక్కడ 0.0017. కాబట్టి 0.4 వచ్చినా అది చిన్న సంగతేం కాదు.

అయితే ప్రెసిషన్-రీకాల్ గీత పరీక్ష డేటాలోని వాటాను నమ్ముకుని బతుకుతుంది. చాలామంది "బ్యాలెన్స్" చేద్దామని 492 మోసాలకు 492 అసలైనవి ఏరి, పరీక్ష కూడా వాటి మీదే పెడతారు. పైన చెప్పిన 80 శాతం, 1 శాతం మోడల్‌కే అక్కడ 394 మోసాలకు తప్పుడు అలారాలు అయిదే వస్తాయి. ప్రెసిషన్ 99 శాతం! మోడల్ మారలేదు, ఎంత స్కోరు దాటితే అలారం మోగాలనే థ్రెషోల్డ్ మారలేదు, 12 కాస్తా 99 అయింది. బ్యాలెన్సింగ్ ఏదైనా శిక్షణ డేటాతోనే ఆపాలి.

రోగులనూ ఆరోగ్యవంతులనూ సమానంగా పోగుచేసి చేసే వైద్య అధ్యయనాల్లో, వ్యాధి వాటా వేర్వేరుగా ఉన్న రెండు ఆసుపత్రుల్లో ఒకే పరీక్షను పోల్చేటప్పుడు, ఆర్ఓసీ ఆ వాటాను పట్టించుకోకపోవడమే మేలు. తర్వాత మన ఊళ్లో ఆ వాటా π ఎంతో తెలిస్తే, ఆర్ఓసీ మీది ఒక బిందువును ప్రెసిషన్‌గా మార్చుకోవచ్చు. ఆ బిందువు నిలువు అక్షం మీది విలువ TPR, అడ్డం అక్షం మీది విలువ FPR:

```
precision = TPR*π / (TPR*π + FPR*(1-π))
```

TPR దగ్గర 0.8, FPR దగ్గర 0.01, π దగ్గర 492/284807 వేస్తే వచ్చేది 0.12. గైడ్ గారి ప్రశ్నకు జవాబు రాబట్టే దారి అదే: మోడల్ ఆ బిందువు దగ్గర పనిచేస్తే వందలో 88 ఫోన్లు వృథా.