జిగురు గట్టిదైతేనే దూలం గట్టిది: గ్లూలామ్, సీఎల్‌టీ వెనుక వందేళ్ల కథ

2006 జనవరి 2న జర్మనీ దక్షిణాన ఉన్న బాడ్ రైషెన్‌హాల్ పట్టణంలో ఐస్ రింక్ పైకప్పు కూలి 15 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు, టీనేజర్లే. పైకప్పు మీద మంచు పేరుకుని ఉన్న మాట నిజమే కానీ, నేరమంతా మంచుదే కాదని దర్యాప్తులో తేలింది. ఆ కప్పును మోసినవి 1970ల మొదట్లో చెక్కను జిగురుతో అతికించి చేసిన పెట్టె దూలాలు. ఆ రకం దూలాలకు అప్పట్లో ఉన్న అనుమతి 1.2 మీటర్ల ఎత్తు వరకే. అక్కడ వాడినవి 2.87 మీటర్లవి. లెక్కల్లోనూ తప్పులున్నాయి. వీటన్నిటికీ తోడు అతుకుల్లో వాడినది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు.

పొడి గదిలో ఈ జిగురుకు ఢోకా లేదు. తేమ తగిలే చోట మాత్రం నీరు దాని బంధాలను కొద్దికొద్దిగా విడగొడుతుంది. వేడి కూడా తోడైతే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. ఐస్ రింక్‌లో కప్పు అడుగు భాగం కింద ఉన్న ఐస్ వల్ల చల్లబడి, గాలిలోని తేమ అక్కడే చెమర్చుతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఇలా జరిగినా కింద నుంచి చూసేవాళ్లకు దూలాలు బాగానే కనిపించాయి.

ఇప్పుడు బహుళ అంతస్తుల చెక్క భవనాల గురించి జరిగే చర్చలో మొదటి ప్రశ్న ఎప్పుడూ మంటల గురించే ఉంటుంది. నా దృష్టిలో అంతకన్నా ముందు అడగాల్సింది జిగురు గురించి. మంటల ప్రశ్న కూడా చివరికి అక్కడికే చేరుతుంది.

కథ మొదలైంది కూడా జర్మనీలోనే. వైమార్‌లో ఉన్న ఒట్టో హెట్జర్ పలుచని చెక్క పలకలను ఒకదానిపై ఒకటి అతికించి వంపు తిరిగిన దూలాలు చేసే పద్ధతికి 1906లో పేటెంట్ తీసుకున్నాడు. ఇదే ఇవాళ్టి గ్లూలామ్‌కు మూలం. 1910 బ్రస్సెల్స్ ప్రదర్శనలో ఈ పద్ధతితో 43 మీటర్ల దూరాన్ని మధ్యలో స్తంభాలు లేకుండా దాటారు. అయితే అందులో వాడింది విరిగిన పాల నుంచి తీసిన కేసిన్‌కు సున్నం కలిపిన జిగురు. లోపల పొడిగా ఉన్నంతకాలం బాగా పనిచేసింది. తడిస్తే మెత్తబడేది, బూజు పట్టేది. దాంతో గ్లూలామ్ చాలాకాలం ఇంటి లోపలి దూలంగానే మిగిలిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రిసార్సినాల్ ఆధారిత జిగుర్లు వచ్చాకే పరిస్థితి మారింది. ఓడలకూ విమానాలకూ నీటిని తట్టుకునే అతుకు కావలసి వచ్చింది. యుద్ధం అయ్యాక అదే జిగురు వంతెనలకూ బయటి దూలాలకూ చేరింది. పాత గ్లూలామ్‌లో కనిపించే ముదురు గోధుమ రంగు గీతలు తరచూ దీనివే.

అతుకు మంచిదో కాదో తేల్చే పరీక్ష చూడడానికి చాలా మామూలుగా ఉంటుంది. దూలం కొస నుంచి చిన్న ముక్క కోసి, జిగురు గీత వెంట నొక్కి విరుస్తారు. విరిగిన ముఖం గరుకుగా, నిండా చెక్క నారతో ఉంటే చెక్కే చీలింది, జిగురు నిలబడింది అని అర్థం. ముఖం నున్నగా, మెరుస్తూ ఉంటే జిగురు ఊడిందన్నమాట. కట్టిన భవనంలోనూ ఇదే చూపు పనికొస్తుంది. ఎండి పగిలిన పగులు సాధారణంగా పలక మధ్యలో, గరుకుగా ఉంటుంది, దాన్ని చూసి బెంబేలెత్తనక్కర్లేదు. చీలిక సరిగ్గా జిగురు గీత మీదే, తిన్నగా సాగి, పలుచని లోహపు రేకు పెడితే లోపలికి దూరిపోతుంటే ఇంజనీరును పిలవాల్సిందే.

గ్లూలామ్‌లో పలకలన్నిటి నార ఒకే దిక్కున ఉంటుంది కాబట్టి అది దూలానికి సరిపోతుంది. 1990ల్లో ఆస్ట్రియా, జర్మనీలలో ఒక పొర విడిచి ఒక పొరను అడ్డంగా తిప్పి అతికించడం మొదలుపెట్టారు. గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో గెర్హార్డ్ షిక్‌హోఫర్ చేసిన పరిశోధన దీనికి పునాది వేసింది. అదే సీఎల్‌టీ, అంటే క్రాస్ లామినేటెడ్ టింబర్. దాంతో గోడ, నేల మొత్తం ఒకే పలకగా కట్టే వీలు దొరికింది. 2009లో లండన్‌లో 9 అంతస్తుల భవనం, 2022లో అమెరికాలోని మిల్వాకీలో 25 అంతస్తుల భవనం లేచాయి. మిల్వాకీ భవనం మొత్తం చెక్కదేమీ కాదు, దాని కింది అంతస్తులూ లిఫ్టు గోడలూ కాంక్రీటువి.

ఇక మంటల సంగతి. లావు చెక్క కాలుతుంది, కానీ నెమ్మదిగా, ముందే లెక్కకట్టగలిగేలా కాలుతుంది. పైన ఏర్పడే బొగ్గు పొర లోపలి చెక్కకు వేడి అందకుండా అడ్డుపడుతుంది. యూరోపియన్ లెక్కలో గ్లూలామ్ నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుంది. 200 మి.మీ. వెడల్పు, 600 మి.మీ. ఎత్తు ఉన్న దూలానికి మూడు వైపులా గంటసేపు మంట తగిలిందనుకుందాం. ఒక్కో వైపు 42 మి.మీ. బొగ్గవుతుంది. వేడికి బలం పోయిన పొరకు ఇంకో 7 మి.మీ. కలిపితే 49. చివరికి మిగిలేది 102 మి.మీ. వెడల్పు, 551 మి.మీ. ఎత్తు. అంటే వంగుడును తట్టుకునే సామర్థ్యం మొదట ఉన్నదాంట్లో దాదాపు 43 శాతం. అగ్నిప్రమాద సమయంలో లెక్కలోకి తీసుకునే బరువు కూడా తక్కువే కాబట్టి చాలా సందర్భాల్లో ఇది సరిపోతుంది. రక్షణ లేని ఉక్కు అరగంటలోపే బలం కోల్పోవచ్చు.

సీఎల్‌టీలో మాత్రం ఒక చిక్కుంది. మంట జిగురు గీతను చేరేసరికి కొన్ని పాలియురేతేన్ జిగుర్లు వేడికి మెత్తబడి, బొగ్గుపట్టిన పొర ఊడి కింద పడుతుంది. అప్పుడు కవచం లేని కొత్త చెక్క మంటకు ఎదురవుతుంది. కాసేపు కాలే వేగం రెట్టింపుగా లెక్కించాలి. తగ్గుతున్న మంట మళ్లీ భగ్గుమనవచ్చు. 40 మి.మీ. పొర అయితే ఆ ఘడియ గంట తర్వాత వస్తుంది, 20 మి.మీ. పొర అయితే అరగంటకే. ఉత్తర అమెరికా ప్రమాణం 2018లో జిగురుకు కఠినమైన వేడి పరీక్ష పెట్టింది అందుకే. బాడ్ రైషెన్‌హాల్‌లో జిగురును ఓడించింది నీరు, ఇక్కడ ఓడించేది వేడి.

వేడి, తేమ రెండూ ఏడాదంతా ఉండే ప్రాంతాల్లో ఎలా? తగిన జిగురు ఎంచుకుంటే అతుకు భయం చాలావరకు తీరుతుంది. మిగిలిన సమస్యలు చెక్కవి. ఫ్యాక్టరీలో సుమారు 12 శాతం తేమతో బయటికొచ్చిన పలక, ఎప్పుడూ ఉక్కగా ఉండే గాలిలో 18 శాతం దాకా పోవచ్చు. నారకు అడ్డంగా చెక్క ఒక్కో శాతం తేమకు పావు శాతం ఉబ్బుతుంది కాబట్టి, పైన చెప్పిన 600 మి.మీ. దూలం ఎత్తు సుమారు 9 మి.మీ. పెరుగుతుంది. బోల్టు రంధ్రాల్లో ఆ సందు వదలకపోతే చెక్క అక్కడే చీలుతుంది.

కుళ్లు పట్టాలంటే 20 శాతానికి పైగా తేమ చాలాకాలం నిలవాలి. బూజుకు అంత అక్కర్లేదు, ఉపరితలం దగ్గర గాలిలో తేమ 80 శాతం దాటితే చాలు. సింగపూర్‌లో నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2023లో ప్రారంభించిన చెక్క భవనం గయాలో బూజు కనిపించడం వార్తల్లోకెక్కింది. బూజు వల్ల బలం పోదు, కానీ గాలి సరిగా ఆడడం లేదని తెలుస్తుంది.

చలి దేశాల అలవాటును యథాతథంగా తెచ్చుకోవడం ఇంకో ప్రమాదం. అక్కడ ఆవిరి లోపలి నుంచి బయటికి పోతుంది కాబట్టి ఆవిరిని ఆపే పొరను గదివైపు పెడతారు. ఏసీ నడిచే భవనంలో ఆవిరి బయటి నుంచి లోపలికి వస్తుంది. అదే పొర గదివైపు ఉంటే తేమ దాని వెనుక, పలకలోనే చిక్కుకుంటుంది. చెదల మందు విషయంలోనూ ఇలాంటి తిరకాసే. అతికించిన తర్వాత లావు పలకలోకి మందు లోతుగా దిగదు. ముందే పలకలకు పట్టిస్తే కొన్ని మందులు జిగురు పట్టును దెబ్బతీస్తాయి. అందుకని ఏ మందుకు ఏ జిగురు అన్నది జంటగా పరీక్షించి ఉండాలి. ఆ పరీక్ష ఫలితం అడగకుండా పలక కొనేవాడు సగం సమాచారంతోనే కొంటున్నట్టు.