సిజేరియన్ తర్వాత గర్భాశయ ఇన్ఫెక్షన్: జ్వరం తగ్గాక మందు ఎప్పుడు ఆపాలి?

సిజేరియన్ అయిన రెండో రోజో మూడో రోజో జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటి, గర్భాశయాన్ని నొక్కితే బాలింత నొప్పితో ముడుచుకుపోతోందంటే ముందుగా అనుమానించేది గర్భాశయం లోపొరకు పట్టిన ఇన్ఫెక్షన్‌నే. కుట్ల దగ్గర నొప్పి ఎవరికైనా ఉంటుంది కాబట్టి కోత మీద కాకుండా గర్భాశయం పక్కల నుంచి నొక్కి చూస్తారు. ప్రసవం తర్వాత అయ్యే స్రావం దుర్వాసన వస్తే అనుమానం బలపడుతుంది. వాసన లేదని మాత్రం కొట్టిపారేయకూడదు, కొన్ని ప్రమాదకరమైన స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్లలో అసలు వాసనే ఉండదు.

ఇది ఒక్క సూక్ష్మజీవి పని కాదు. యోని నుంచి పైకి ఎక్కిన రకరకాల బ్యాక్టీరియా కలిసి చేసే పని. వాటిలో ఇ.కోలై లాంటివి ఉంటాయి, గాలి తగలని చోట పెరిగే బాక్టీరాయిడ్స్ లాంటివీ ఉంటాయి. అందుకే రెండు మందులు కలిపి ఇస్తారు. జెంటామైసిన్ మొదటి రకాన్ని చూసుకుంటుంది. క్లిండామైసిన్ గాలి అక్కర్లేని వాటినీ, చాలా రకాల స్ట్రెప్టోకాకస్‌లనూ చూసుకుంటుంది. ఒకప్పుడు పెన్సిలిన్‌కు జెంటామైసిన్ జోడించేవారు. 1979లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆ జంట కంటే క్లిండామైసిన్ జంటే మేలని తేలింది. పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము బాక్టీరాయిడ్స్ దగ్గర ఉండటం దీనికి ఒక ముఖ్య కారణం.

60 కిలోల బాలింతను ఊహించుకుందాం. సోమవారం ఉదయం ఆపరేషన్ అయింది, బుధవారం ఉదయం 10 గంటలకు జ్వరం 38.6. మూత్రపిండాల పరీక్ష బాగుంది. క్లిండామైసిన్ 900 మిల్లీగ్రాములు 8 గంటలకొకసారి, జెంటామైసిన్ కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన 300 మిల్లీగ్రాములు రోజుకొకసారి, రెండూ నరానికే ఎక్కిస్తారు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉంటే జెంటామైసిన్ జోలికి పోకుండా యాంపిసిలిన్-సల్బాక్టమ్ వైపు వెళ్లడం నయం.

బుధవారం రాత్రి జ్వరం 38.8కి పోయింది. ఇంట్లోవాళ్లు కంగారుపడతారు గానీ మందు మార్చే సమయం ఇంకా రాలేదు. గురువారం రాత్రి 8 గంటలకు 38.1, శుక్రవారం తెల్లవారితే 37.2. ఇక్కడినుంచి లెక్క జాగ్రత్తగా వేయాలి. మందు మొదలైన గంట నుంచి కాదు, చివరిసారి 38 కనిపించిన గురువారం రాత్రి 8 నుంచి. కనీసం 24 గంటలు, కొన్నిచోట్ల 48 గంటలు జ్వరం లేకుండా గడవాలి, గర్భాశయం నొక్కితే నొప్పి ఉండకూడదు. ఈమెకు శనివారం ఉదయం చూసేసరికి జ్వరం లేక 36 గంటలైంది, నాడి 84, గర్భాశయం నొప్పి లేదు. రెండు మందులూ ఆపేయొచ్చు.

ఈ లెక్కను తరచూ తప్పించేది పారాసిటమాల్. కుట్ల నొప్పికి 6 గంటలకొకసారి వేస్తుంటే జ్వరం దాని చాటున దాక్కుంటుంది. అందుకే డోసు వేయబోయే ముందు థర్మామీటర్ పెట్టాలి. జ్వరం లేకపోయినా నాడి 110 దగ్గరే నిలిచిపోయి ఉంటే చార్టును నమ్మొద్దు.

ఆపాక వారం రోజులకు మాత్రలు రాసివ్వడం చాలాచోట్ల అలవాటు. మామూలు కేసులో దాని అవసరం లేదని పరీక్షించి చూసిన అధ్యయనాలున్నాయి, మాత్రలు వాడనివాళ్లలో ఇన్ఫెక్షన్ తిరగబెట్టడం ఎక్కువేమీ కాలేదు. అనవసరంగా పొడిగిస్తే మిగిలేది విరేచనాలే. మినహాయింపులు లేకపోలేదు. రక్తం కల్చర్‌లో బ్యాక్టీరియా పెరిగినా, చీము గడ్డ కట్టినా కోర్సు ఎక్కువ రోజులు సాగుతుంది.

అదే శుక్రవారం ఉదయానికీ, అంటే 48 గంటలు దాటాక కూడా జ్వరం 38.5 మీదే ఉంటే? ముందు కుట్లు విప్పదీయకుండానే చుట్టూ నొక్కి చీము ఉందేమో చూడాలి. ఈ రెండు మందుల జంటకు లొంగనిది ఎంటిరోకాకస్ అనే బ్యాక్టీరియా. ఇన్ఫెక్షన్ రాకుండా ఆపరేషన్ ముందు వేసే సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్‌కూ అది లొంగదు. అందుకే యాంపిసిలిన్ 2 గ్రాములు 6 గంటలకొకసారి కలుపుతారు. దానికీ తగ్గకపోతే స్కానింగ్ తప్పదు. కటిలో చీము గడ్డ ఉంటే ఎన్ని యాంటీబయాటిక్స్ కుమ్మరించినా చాలదు, బయటికి తీయాల్సిందే. బాలింత చక్కగా తింటూ తిరుగుతూ ఉన్నా సాయంత్రాలు జ్వరం ఎగబాకుతుంటే, స్కాన్‌లో గడ్డ ఏమీ దొరక్కపోతే, కటి సిరల్లో రక్తం గడ్డకట్టి ఇన్ఫెక్షన్ పట్టిందేమో ఆలోచించాలి. అది సాధారణ స్కాన్‌లో తప్పించుకోగలదు.