స్టిక్కర్ ఊడిన పౌచ్ ఏ ఫోన్‌ది?

హన్మకొండ చౌరస్తా సెల్ షాపులో పాత పౌచ్‌ల డబ్బా తిరగేస్తే, మోడల్ పేరున్న స్టిక్కర్ ఊడిపోయిన ట్రాన్స్‌పరెంట్ పౌచ్ ఒకటి దొరికిందనుకుందాం. వెనుక పైభాగంలో, సరిగ్గా నడిమధ్యన చదరపు కెమెరా కటింగ్ ఉంది. ఎక్కువ ఫోన్లకు కెమెరా ఎడమ మూలన ఉంటుంది కాబట్టి ఇదొక్కటే చాలా మోడళ్లను పక్కకు నెట్టేస్తుంది. 2020లో వచ్చిన రెడ్‌మీ నోట్ 9 వరుస ముందుగా గుర్తుకొస్తుంది. కానీ నోట్ 9 వేరు, నోట్ 9 ప్రో వేరు.

ఇక్కడ బటన్లు చూడాలి. పౌచ్‌ను ఫోన్ తొడిగినట్టే, లోపలి వైపు మనకు కనబడేలా, కెమెరా కటింగ్ పైకి ఉండేలా పట్టుకోవాలి. వెనుక నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారై, బటన్లు ఎడమ పక్కన ఉన్నాయని పొరబడతాం. మన పౌచ్‌కు కుడి పక్కన వాల్యూమ్ దగ్గర ఉబ్బు ఉంది, పవర్ బటన్ దగ్గర మాత్రం తెరిచిన గాడి ఉంది. వేలిముద్ర సెన్సార్ పవర్ బటన్‌లోనే ఉంటే వేలు దానికి నేరుగా తగలాలి, అందుకే ఆ గాడి. నోట్ 9కి సెన్సార్ వెనుక, కెమెరా కింద ఉంటుంది. అంటే ఇది ప్రో పౌచే కావాలి. హెడ్‌ఫోన్ రంధ్రం, పైనున్న రిమోట్ ఐఆర్ రంధ్రం రెండింటికీ ఉన్నాయి, వాటితో తేలదు.

చివరి సాక్షి స్కేలు. నోట్ 9 పొడవు 162.3 మిల్లీమీటర్లు, ప్రో 165.8. వెడల్పు తేడా అర మిల్లీమీటరే, దాన్ని నమ్మొద్దు. మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి పైగోడ మధ్య నుంచి కిందిగోడ మధ్యకు, లోపలి వైపునే కొలవాలి. వాడిన మెత్తటి పౌచ్ సాగి ఉండొచ్చు, మిల్లీమీటరు అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు. ప్రో ఫోన్ డబ్బాపై రాసే 6.67 అంగుళాలు తెర మూల నుంచి మూలకు కొలత, దాంతో పౌచ్ ఎంచుకోవద్దు.

కొలత 166 దగ్గర వచ్చిందా, అది నోట్ 9 ప్రోది. ప్రో మ్యాక్స్, పోకో ఎం2 ప్రో బాడీ కొలతలూ అవే. ఈ మూడింటిలో దేనిదో పౌచ్ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

తొడిగాక చీకట్లో ఫ్లాష్ వేసి ఒక ఫోటో తీయండి. కటింగ్ అంచు ఫ్లాష్‌కు అడ్డొస్తే వెలుతురు పౌచ్‌లోకి పాకి లెన్స్ మీద పడుతుంది, ఫోటో పాలు పోసినట్టు తెల్లగా వస్తుంది. తర్వాత ఒకసారి ఫోన్ చేసి మాట్లాడండి. అవతలివాళ్లకు గొంతు అణిగినట్టు వినబడితే కింద మైకు రంధ్రం మూసుకుపోయిందన్నమాట.